బిందెకు చీర కట్టే నేర్పు

పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న జనగామ జిల్లాలో వరలక్ష్మి కలశానికి చీర కట్టే చేతులను చూడాలి. ముందు పీట మీది బిందెలో బియ్యం పోస్తారు. బరువు లేకపోతే పట్టుచీర దాన్ని ఒరగదీస్తుంది. చీర పన్నా బిందెకు ఎక్కువే కాబట్టి పొడవునా సగానికి మడిచి, పైటకు ఒక మీటరు వదిలి, మిగతాదంతా నాలుగు వేళ్ల వెడల్పు కుచ్చిళ్లు పోస్తారు. బిందె మెడకు నాడాతో బిగించి కింద విసనకర్రలా విప్పుతారు. అంచులు ఒక వరుసలో లేవంటే నాడా వదులైనట్టే. విప్పి మళ్లీ కట్టాల్సిందే.

పైన చెంబు, మామిడాకులు, కొబ్బరికాయకు అమ్మవారి ముఖం. హారాల బరువు కాయ మీద పడకుండా వెనక దారంతో బిందె మెడకే కడతారు. పూలు తడి ఆరాకే పెడతారు, పట్టు మీద మరక పోదు మరి. అలంకారం ముందు రాత్రే ముగించినా, గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు మాత్రం తెల్లవారుజామునే. రాత్రే వేస్తే తొక్కేస్తారు.