గార్ల చెరువు కొంగ అరబ్బీలో మాట్లాడితే

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్లు చదివి వినిపించే బొమ్మల పుస్తకంలో ఒక పుట తీసుకుందాం. బొమ్మలో గార్ల ఊరి చెరువు. మత్తడి దాకా నీళ్లు, కట్ట మీద రెండు తెల్ల కొంగలు. పిల్ల కొంగ మెడ వంచి తన నీడనే చూస్తోంది. కింద ఐదు చిన్న వాక్యాలు:

టపటపా వాన పడింది.
చెరువు నిండింది.
రెండు కొంగలు వచ్చి కట్ట మీద వాలాయి.
పిల్ల కొంగ నీళ్లలోకి తొంగిచూసింది.
"అమ్మా! నీళ్లలో ఇంకో కొంగ ఉంది!"

ఈ వ్యాసం కోసం నేనే రాసిన పుట ఇది. దీన్ని అరబ్బీలోకి తెచ్చే పని ఊహకు మాత్రమే పరిమితం కాదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల బొమ్మల కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటాయి. ఎవరైనా వాటిని మరో భాషలోకి తేవచ్చు. అక్కడి భాషల్లో తెలుగూ ఉంది, అరబ్బీ కూడా ఉంది. హైదరాబాదులో అరబ్బీ చదువుకు లోటు లేదు. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ ప్రాచీన అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చు వేస్తూ వచ్చింది. కానీ పండితుల కోసం రాసే అరబ్బీ వేరు, తల్లి ఒళ్లో కూర్చుని వినే పిల్లకు చదివే అరబ్బీ వేరు.

ఆ తేడా తెలియాలంటే కొంగతోనే మొదలుపెట్టాలి. మన పంచతంత్రం పహ్లవీ భాష మీదుగా అరబ్బీలోకి వెళ్లింది. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా దాన్ని 'కలీలా వ దిమ్నా'గా రాశాడు. చేపల్ని మోసం చేసి, చివరికి ఎండ్రకాయ చేతిలో చచ్చిన కొంగ కథ అందులోనూ ఉంది. అక్కడ ఆ కొంగ పేరు 'ఉల్జూమ్'. ఇవాళ్టి అరబ్బీలో ఆ మాటకు గోదురు కప్ప అనే అర్థమే ఎక్కువ వాడుకలో ఉంది. గొప్ప పుస్తకంలో ఉంది కదా అని ఆ మాటే తెచ్చి పెడితే, బొమ్మలో కొంగ, చెవిలో కప్ప! 'బలషూన్' అనే ప్రామాణిక నామం తప్పు కాదు, కానీ ఆ వయసు పిల్లకు అది బరువు. 'లఖ్లఖ్' పలకడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ అది వేరే పక్షి. అందుకే నేను 'తాయిర్', అంటే పక్షి, అన్న మాట దగ్గర ఆగాను. అది ఏ పక్షో బొమ్మ చెబుతుంది. బొమ్మల పుస్తకంలో అనువాదకుడికి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే: బొమ్మ చెప్పినదాన్ని మాట మళ్లీ చెప్పనక్కర్లేదు. కట్ట కూడా అలాగే వాక్యంలోంచి జారిపోయినా బొమ్మలో ఉండిపోతుంది.

మాటల ఎంపికకు ఇంకో కారణం ఉంది. అరబ్బు పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒక భాష, పుస్తకంలో కనిపించేది మరో భాష. పుస్తకాల భాషను ఫుస్‌హా అంటారు, ఇంటి భాషను ఆమ్మియ్యా అంటారు. ఇంటి భాష దేశదేశానికీ మారుతుంది. 'ఇప్పుడు' అనడానికి ఈజిప్టులో 'దిల్‌వఖ్తీ', సిరియా వైపు 'హల్లా', గల్ఫులో 'అల్‌హీన్' అంటారు. గల్ఫు నుంచి తిరిగొచ్చిన మన తెలంగాణవాళ్ల నోట వినిపించేది ఈ ఇంటి భాషే. పుస్తకం మాత్రం అన్ని దేశాలకూ ఒకటే కావాలి. కాబట్టి ఫుస్‌హాలోనే రాస్తూ, ఇంటి భాషల్లోనూ ఏదో ఒక రూపంలో బతికి ఉన్న మాటల్ని ఏరుకోవాలి. మతర్ (వాన), సగీర్ (చిన్న), కసీర్ (చాలా), మామా (అమ్మ) అలాంటివి. ఈజిప్టు రచయిత కామిల్ కీలానీ (1897–1959) అరబ్బీ బాలసాహిత్యానికి ఆద్యుల్లో ఒకడు. సింద్‌బాద్ కథతో పాటు భారతీయ కథలనూ పిల్లలకు తిరగ చెప్పాడు. ఆయన ఫుస్‌హాను వదలలేదు, పిల్లల స్థాయికి దించాడు. నాకూ ఆ దారే సరైనదనిపిస్తుంది. ఇంటి భాషలో రాసిన పుస్తకం ఆ ఒక్క దేశపు పిల్లకే ఇంపుగా ఉంటుంది.

ఇక వాక్యాలు. మొదటిదే చిక్కు పెట్టింది. అరబ్బీలో పకారం లేదు. 'టపటప'ను అలాగే తెస్తే 'తబ్ తబ్' అవుతుంది. 'తబ్బన్' అంటే ఆ భాషలో శాపనార్థం, ఆ వాసన వాన చినుకులకు ఎందుకు? బరువైన తకారంతో 'తక్, తక్, తక్' అంటే రేకుల కప్పు మీద చినుకు పడ్డట్టే ఉంటుంది.

'చెరువు నిండింది'కి నేరుగా 'ఇమ్‌తలఅతిల్ బిర్క' అనవచ్చు. కాగితం మీద అది తప్పు లేని వాక్యం. గొంతెత్తి చదివితే మాత్రం మధ్యలో గొంతు పట్టి వదలాల్సిన హంజా, దాని వెంటే తర్వాతి మాటను కలిపే ఇకారం వచ్చి, చదివే తల్లి తడబడుతుంది. అదే సంగతిని 'చెరువులో చాలా నీళ్లయ్యాయి' అని చెబితే 'సార ఫిల్ బిర్కతి మాఉన్ కసీర్' అవుతుంది. మాటలు పెరిగాయి, అయినా నోరు తేలికపడింది. గబగబా మాటలు మింగే పెద్దల మౌన చదువులో పొట్టి వాక్యం గెలుస్తుంది. పైకి చదివేటప్పుడు గెలిచేది పలకడానికి సాఫీగా ఉన్న వాక్యం.

మూడో వాక్యం దగ్గర చాలాసేపు ఆగాల్సి వస్తుంది. అరబ్బీలో ఏకవచనం, బహువచనం కాక, రెండింటికి విడిగా ద్వివచనం ఉంది. రెండు పక్షులంటే 'తాయిరాన్'. పిల్లలకు నామవాచకంలో ద్వివచనం కొత్త కాదు, ఇంటి భాషలోనూ వింటారు. క్రియలో ద్వివచనం మాత్రం పుస్తకాల్లోనే మిగిలింది. క్రియ ముందొస్తే 'జాఅ తాయిరాన్' అని ఏకవచనంలోనే సరిపోతుంది. ఆ పక్షులే తర్వాత నిలబడ్డాయనాలంటే 'వఖఫా' అని ద్వివచన క్రియ తప్పదు. అక్కడ కథ ఆగి వ్యాకరణ పాఠం మొదలైనట్టుంటుంది.

దాన్ని తప్పించడానికి 'ఒక పెద్ద పక్షి వచ్చింది, ఒక చిన్న పక్షి వచ్చింది' అని విడదీసి చూశాను. 'తాయిరున్ కబీర్, తాయిరున్ సగీర్' అని చెవికి హాయిగా ఉంది. కానీ చివరి వాక్యంలో ఆ పెద్ద పక్షిని పిల్ల 'అమ్మా' అని పిలుస్తుంది. తాయిర్ పుంలింగం, కబీర్ పుంలింగం. వింటున్న పిల్లకు మొదట మగపక్షి అనిపించి, నాలుగు క్షణాల తర్వాత అది అమ్మ అయిపోతుంది. తెలుగులో కొంగకు ఈ బాధ లేదు, ఆడైనా మగైనా 'వచ్చింది' అంటే చాలు. చివరికి ఇలా కుదిరింది: 'చిన్న పక్షి వచ్చింది, దానితో అమ్మ వచ్చింది.' 'రెండు' అనే మాట పోయింది, అయితే లెక్క బొమ్మలో ఉంది. 'సగీర్' వెళ్లి పైవాక్యంలోని 'కసీర్'తో ప్రాసగా కలిసింది. అరబ్బీ చెవి ఇలాంటి వాక్యాంత ప్రాసను పాతకాలం నుంచీ ఇష్టపడుతుంది. ఒక పుటకు ఒక్క జంట చాలు. ప్రాస కోసం మాటల్ని వెతకడం మొదలైతే కథ పక్కదారి పడుతుంది.

మొత్తం పుట ఇప్పుడు ఇలా ఉంది. మన లిపిలో కొన్ని గొంతు ధ్వనులు పూర్తిగా పట్టవు. 'మామా' అంటే అమ్మ అని గుర్తుంచుకుని చదవండి.

నజలల్ మతర్: తక్, తక్, తక్!
సార ఫిల్ బిర్కతి మాఉన్ కసీర్.
జాఅ తాయిరున్ సగీర్, వ జాఅత్ మఅహు మామా.
నజరత్ తాయిరు ఇలల్ మాఅ.
"మామా! ఫిల్ మాఇ తాయిరున్ ఆఖర్!"

చివరి వాక్యంలో అరబ్బీ మనకో మేలు చేసింది. తెలుగులో 'ఇంకో కొంగ' తర్వాత 'ఉంది' రావాలి, ఆశ్చర్యం ఒక మాట ముందే వచ్చేస్తుంది. అరబ్బీలో 'ఉంది' అక్కర్లేదు. 'నీళ్లలో', 'పక్షి', చివరన 'ఇంకోటి'. కళ్లు పెద్దవి చేసి చదవాల్సిన మాట సరిగ్గా వాక్యం కొసన పడింది. దాని తర్వాత పుట తిప్పడమే.

ప్రమాదం కూడా ఆ మాటలోనే ఉంది. అరబ్బీ లిపిలో హల్లులూ దీర్ఘాలూ రాస్తారు. హ్రస్వాలకు పైనా కిందా చిన్న గుర్తులు పెడతారు. వాటిని తష్‌కీల్ అంటారు. పత్రికలు అవి లేకుండానే అచ్చవుతాయి. పిల్లల పుస్తకంలో అవి లేకపోతే చదివేవాళ్లు ఊహించుకోవాలి. 'ఖ' మీద అకారపు గుర్తు ఉంటే 'ఆఖర్', మరొకటి అని అర్థం. అదే అక్షరం కింద ఇకారపు గుర్తు పడితే 'ఆఖిర్', చివరిది. మనం వాడే 'ఆఖరు' ఈ రెండో మాట నుంచి వచ్చిందే. ఒక్క గీత పైనుంచి కిందికి జారితే పిల్ల కొంగ ఆశ్చర్యపోవడం మాని, 'నీళ్లలో చివరి పక్షి' అని తేల్చేస్తుంది. అక్షరాలన్నీ సరిగానే ఉంటాయి కాబట్టి ప్రూఫు దిద్దేవాళ్ల కంటికి ఆనదు. గుర్తుల కోసమే విడిగా ఒకసారి, వేలు పెట్టి చదవాలి.

వాక్యం కొసన ఇంకో నిర్ణయం ఉంటుంది. వ్యాకరణం ప్రకారం 'సగీరున్', 'కసీరున్' అని విభక్తి ధ్వనితో ముగియాలి. కానీ ఆగేచోట ఆ ధ్వని పలకరు. అందుకే నేను వాక్యం లోపల ధ్వనులు ఉంచి, కొసన తీసేశాను. అచ్చులో కూడా కొస అక్షరం మీద సుకూన్ అనే సున్నా గుర్తు పెడితే, ఇక్కడ ఆగాలని చదివేవాళ్లకు తెలుస్తుంది. కొందరు ప్రచురణకర్తలు వ్యాకరణ గుర్తే ఉంచుతారు. చదివి వినిపించే పుస్తకానికి సుకూనే నయమని నా అభిప్రాయం. సరిచూసే పద్ధతి కూడా సులువైనదే: ముందుగా చూడని అరబ్బీ తల్లికో తండ్రికో పుట ఇచ్చి, ఒక్కసారి పైకి చదవమనాలి. ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారో అక్కడ వాక్యం మార్చాలి.

మాటలు కుదిరాక బొమ్మ మిగులుతుంది. అరబ్బీ పుస్తకం కుడి నుంచి ఎడమకు సాగుతుంది. తెలుగు పుస్తకంలో కొంగ కుడివైపు, అంటే తర్వాతి పుట వైపు, తొంగిచూస్తుంది. అరబ్బీలో అదే బొమ్మ ఉంచితే కొంగ వెనకటి పుట వైపు చూస్తున్నట్టుంటుంది. అందుకని బొమ్మను అద్దంలోలా తిప్పుతారు. చెరువుకూ కొంగకూ దానివల్ల నష్టం లేదు. అదే పుస్తకంలో పిల్లాడు కుడిచేత్తో అన్నం తినే పుట ఉంటే ఎడంచేత్తో తింటున్నట్టు అవుతుంది. అది అక్కడా తప్పే, ఇక్కడా తప్పే. మహబూబాబాద్, డోర్నకల్ మధ్య రైలు ఆగే గార్ల స్టేషన్ బొమ్మ వేస్తే బోర్డు మీది అక్షరాలు తిరగబడతాయి. అలాంటి పుటల్లో బొమ్మను తిప్పి, చేతినీ బోర్డునూ చిత్రకారుడి చేత మళ్లీ గీయించాలి. బోర్డు మీద 'గార్ల' అన్నది తెలుగు అక్షరాల్లోనే ఉండాలి. కథ జరిగిన ఊరు అదే కదా, అరబ్బు పిల్ల కూడా ఆ అక్షరాల్ని బొమ్మలో భాగంగానే చూస్తుంది.