నిద్రపోతే ఎవరి నష్టం?

ఆఫీసు చాట్‌లో కాసేపు మౌస్ కదపకపోతే నా పేరు పక్కనున్న పచ్చ చుక్క పసుపు రంగులోకి మారిపోతుంది. ఆ చుక్క ప్రభావమే కాబోలు, పదిహేడో శతాబ్దపు డచ్ బొమ్మలు చూసేటప్పుడు నా చూపు నిద్రపోతున్నవాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ వంటిళ్లలో, ఆ భోజనాల బల్లల దగ్గర నిద్రపోయేవాళ్లు చాలామందే ఉన్నారు.

నికొలాస్ మాస్ 1655లో వేసిన ‘సోమరి పనిమనిషి’ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పనిమనిషి చెంపకు చెయ్యి ఆనించుకుని కునుకు తీస్తోంది. అంట్లగిన్నెలు నేలమీద పడున్నాయి. వెనకాల పిల్లి, ఈకలు పీకిన పక్షిని లాక్కుపోతోంది. ఇంటావిడ మధ్యలో నిలబడి, పనిమనిషి వైపు చెయ్యి చాపి మనకేసి చూసి నవ్వుతోంది: “చూశారా ఈవిడ నిర్వాకం!” మొదటిసారి నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసింది. ఆ నవ్వుతో ఆవిడ నన్ను యజమానుల పక్షాన చేర్చేసుకుంది, నన్నడక్కుండానే.

అడగక్కర్లేదు కూడా. ఈ బొమ్మలు వేసింది యజమానుల కోసమే. కాల్వినిస్టు చర్చిలు గోడలకు సున్నం కొట్టేసుకున్నాయి, బలిపీఠాలకు బొమ్మలు వేయించడం మానేశాయి. చిత్రకారులు ఎక్కువగా ఊళ్లలో డబ్బున్న ఇళ్ల కోసం వేసి అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ ఇళ్లలో డబ్బు ఓడలెక్కి సముద్రాల మీద తిరిగేది; తిరిగొస్తుందో లేదో నెలల తరబడి తెలీదు. ఓడ మీద ఎలాగూ అదుపు లేదు, కనీసం వంటింటి మీదైనా ఉండాలి కదా. అందుకే మాస్ బొమ్మను చూసి ఆ కాలపు పనిమనుషులు ఎలా ఉండేవాళ్లో చెప్పలేం. యజమానులకు దేని గురించి దిగులో మాత్రం తెలుస్తుంది.

మరుసటి ఏడాది, 1656లో, ఇదే మాస్ ఒక వృద్ధురాలు లెక్కల పుస్తకం మీదే కునుకు తీస్తున్నట్టు వేశాడు. వెనక గోడకి పెద్ద ప్రపంచ పటం. ఇక్కడ పిల్లి లేదు. చిట్టా ముందు కునికితే ఎంత పోతుందో ఆ పటమే చెబుతోంది. పనిమనిషి నిద్ర ఖరీదు ఒక పూట కూర అయితే, ఈవిడ నిద్ర ఖరీదు ఒక ఓడ కావచ్చు. కానీ ఈవిడ వైపు వేలు చూపించి నవ్వేవాళ్లెవరూ బొమ్మలో లేరు. ఆ తేడా చిన్నదేం కాదు.

యాన్ స్టేన్ మాత్రం ఇంటావిణ్ణీ వదల్లేదు. అతను డెల్ఫ్ట్‌లో బీరు తయారుచేసే బట్టీ నడిపాడు, చివరి రోజుల్లో లైడెన్‌లో సారాయి దుకాణం పెట్టుకున్నాడు. తాగిన ఇల్లు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూసినవాడు. 1663 నాటి ‘సుఖంలో జాగ్రత్త’ అనే బొమ్మలో ఇంటావిడే నిద్రపోతోంది. కుక్క బల్లెక్కి వంటకం తింటోంది, ఒక పిల్లాడు పొగ తాగుతున్నాడు, కోతి గడియారంతో ఆడుతోంది. వీళ్లందరి నెత్తిమీద ఒక బుట్ట వేలాడుతోంది. అందులో బిచ్చగాడి చంకకర్రలాంటి సామాన్లున్నాయి. సంపాదించింది ఏ క్షణాన నెత్తిన పడుతుందో అన్న భయం అది. నవ్విస్తూనే భయపెడతాడు స్టేన్.

వెర్మీర్ దగ్గరికొస్తే కథ మారుతుంది. ఆయన 1657 ప్రాంతంలో బల్ల దగ్గర నిద్రపోతున్న యువతిని వేశాడు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మొదట వెనక గదిలో ఒక మగమనిషినీ, గుమ్మంలో ఒక కుక్కనీ వేసి, తర్వాత రెండిటి మీదా రంగు పూసేశాడని ఎక్స్‌రేలో తేలింది. అంటే ఈ నిద్ర వెనకున్న కథని ఆయనే చెరిపేశాడు. నేరం మోపడానికి సాక్ష్యం లేదు. ఆమె చెవులకు ముత్యాలు, ఒంటి మీద ఖరీదైన బట్టలు; పనిమనిషో ఇంటావిడో కూడా తేల్చి చెప్పలేం. అలసిపోయిందా, దిగులు పడిందా? మనకి అనవసరం అన్నట్టు వదిలేశాడు.

బజారు వదల్లేదు. 1696లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 21 వెర్మీర్ బొమ్మలు వేలానికొచ్చినప్పుడు జాబితాలో ఈమెని “తాగి నిద్రపోతున్న పనిమనిషి” అని రాశారు. పలికిన ధర 62 గిల్డర్లు. అదే వేలంలో, ఇందులో సగం ఎత్తే ఉన్న ‘పాలు పోసే పనిమనిషి’ 175 గిల్డర్లకు పోయింది. ఆ బొమ్మ పనితనం గొప్పది, ధరకి అదే ముఖ్య కారణం కావచ్చు. అయినా నాకు ఆ రెండు అంకెలూ పక్కపక్కన కనిపిస్తూనే ఉంటాయి: మెలకువగా పాలు పోస్తున్న మనిషికి 175, కళ్లు మూసుకున్న మనిషికి 62.

చిత్రకారుడు చెరిపేసిన నేరాన్ని అమ్మేవాడు మళ్లీ రాశాడు. వర్తక సమాజం గురించి నాకు ఆ వంటిళ్లన్నీ కలిసి చెప్పినదానికంటే, ఆ జాబితాలోని ఒక్క పంక్తే ఎక్కువ చెప్పింది.