పక్క పక్క చేన్లలో రెండు బోర్లు: ప్రతిఫలాల పట్టికను చదివే పద్ధతి

ఇద్దరు మనుషులు ఎవరికి వారు నిర్ణయం తీసుకుంటారు. కానీ ఒక్కొక్కరికి చివరకు దక్కేది రెండోవారు ఏం చేశారన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఇలాంటి పరిస్థితిని గేమ్ థియరీ ‘ఆట’ అంటుంది, దాన్ని నాలుగు గడుల పట్టికలో రాస్తుంది. 1944లో జాన్ వాన్ న్యూమన్, ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్ రాసిన పుస్తకంతో ఈ శాస్త్రం స్థిరపడింది. 1950లో జాన్ నాష్ అందులోని సమతౌల్యం అనే భావనకు ఇప్పుడు వాడుతున్న రూపం ఇచ్చాడు. పట్టికను చదవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పగలిగితే చాలు.

సిద్దిపేట ప్రాంతపు బోర్లు ఈ పట్టికకు సరిగ్గా అతికే ఉదాహరణ. ఇక్కడ నేల కింద ఎక్కువగా గ్రానైటు బండ ఉంటుంది. నీళ్లు పైనున్న మెత్తబడిన పొరలోనూ, కింద బండ పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తాయి. పక్క పక్క చేన్ల బోర్లు రెండూ ఒకే పగుళ్ల వరుసను అందుకుంటే అవి ఒకే నీళ్లను పంచుకుంటున్నట్టే. ఒకరు బోరు బండి తెప్పించి ఇంకా లోతుకు దించితే రెండో బోరు పోసే రెండించుల నీళ్లు ఒకటికి పడిపోవచ్చు, లేదా మొత్తానికే ఎండిపోవచ్చు. 2004 నుంచి వ్యవసాయ మోటార్లకు ఉచిత కరెంటు ఉంది కాబట్టి, ఒకసారి లోతు చేయించాక ఎంత తోడినా కరెంటు బిల్లు రాదు.

ఇద్దరు రైతులను తూర్పు చేను రైతు, పడమటి చేను రైతు అందాం. ఒక్కొక్కరి ముందు రెండు దారులు ఉన్నాయి: బోరును ఉన్న లోతులోనే ఉంచడం, లేదా లోతు చేయించడం. కింది పట్టికలోని సంఖ్యలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. ఖర్చులన్నీ పోను ఒక పంటకాలంలో మిగిలేది వేల రూపాయల్లో రాశాం. ప్రతి గడిలో మొదటి సంఖ్య తూర్పు రైతుది, రెండోది పడమటి రైతుది.

| | పడమటి రైతు: ఉన్న లోతే | పడమటి రైతు: లోతు చేయిస్తే |
|---|---|---|
| తూర్పు రైతు: ఉన్న లోతే | 60, 60 | 10, 80 |
| తూర్పు రైతు: లోతు చేయిస్తే | 80, 10 | 30, 30 |

తూర్పు రైతు వైపు నుంచి మొదలుపెడదాం. పడమటి రైతు ఏం చేస్తాడో అతనికి తెలియదు. అందుకని రెండు సందర్భాలనూ విడివిడిగా చూడాలి. కుడివైపు నిలువు వరుసను అరచేత్తో మూసేస్తే, పక్కవాడు ఉన్న లోతుతో సరిపెట్టుకున్న సందర్భం ఒక్కటే కనిపిస్తుంది. అక్కడ తూర్పు రైతు ఊరుకుంటే 60, లోతు చేయిస్తే 80. ఇప్పుడు ఎడమ వరుసను మూస్తే పక్కవాడు లోతు చేయించిన సందర్భం మిగులుతుంది. ఊరుకుంటే 10, లోతు చేయిస్తే 30. పక్కవాడు ఏం చేసినా లోతు చేయించడమే మెరుగు. ఇలా ఎదుటివారి నిర్ణయంతో పని లేకుండా ప్రతి సందర్భంలోనూ ఎక్కువ ఇచ్చే దారిని ఆధిపత్య వ్యూహం అంటారు. పడమటి రైతు లెక్కా అచ్చం ఇలాగే తేలుతుంది. కాకపోతే అతని సంఖ్యలను అడ్డంగా, ఒక్కో వరుసలో పోల్చాలి.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 60, 60 గడి కళ్లకు ఇంపుగా కనిపిస్తుంది కాబట్టి, అదే జవాబు అనుకుంటారు. కానీ ఆ గడిని ఏ ఒక్క రైతూ ఒంటరిగా ఎంచుకోలేడు. అతని చేతిలో ఉన్నది అడ్డు వరుస మాత్రమే, నిలువు వరుస పక్కవాడి చేతిలో ఉంది.

ఇద్దరూ తమ తమ ఆధిపత్య వ్యూహం పాటిస్తే ఆట 30, 30 గడికి చేరుతుంది. అక్కడి నుంచి ఏ ఒక్కరు వెనక్కి తగ్గినా ఆదాయం 30 నుంచి 10కి పడిపోతుంది, అందుకే ఎవరూ కదలరు. ఎదుటివారు మారనంత వరకు తాను మారితే లాభం లేదని ఇద్దరికీ అనిపించే ఇలాంటి గడినే నాష్ సమతౌల్యం అంటారు. నష్టం ఉన్నదీ ఇక్కడే: ఇద్దరికీ 60 వచ్చే గడి ఉండగానే ఇద్దరూ 30తో ఆగిపోతారు. 1950లో ర్యాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఇలాంటి ఆటను రూపొందించారు. ఆల్బర్ట్ టకర్ దానికి ‘ఖైదీల సందిగ్ధం’ అన్న కథా, పేరూ తగిలించాడు. అప్పు చేసి బోరు మీద బోరు వేయించిన రైతును దురాశాపరుడని తేలిగ్గా తీసిపారేయడం ఎంత అన్యాయమో ఈ పట్టిక చూపిస్తుంది. పక్కవాడు దించాక ఊరుకుంటే అతనికి మిగిలేది 10 మాత్రమే.

మనుషులకు హితబోధ చేసినంత మాత్రాన ఈ ఫలితం మారదు, సంఖ్యలు మారాలి. లోతు చేయించినందుకు అదనంగా 15 వేలు భారం పడిందనుకుందాం. 80 కాస్తా 65 అవుతుంది, 30 కాస్తా 15 అవుతుంది. 60 కన్నా 65, 10 కన్నా 15 ఇంకా ఎక్కువే. అంటే ప్రవర్తన మారదు, ఇద్దరూ మరింత పేదలవుతారు. భారం 25 వేలైతే ఆ సంఖ్యలు 55, 5 అవుతాయి. అప్పుడు ఊరుకోవడమే ఆధిపత్య వ్యూహం అవుతుంది, ఆట 60, 60కి చేరుతుంది. సరిగ్గా 20 వేల దగ్గర రెండు దారులూ సమానం, ఆధిపత్యం దేనిదీ కాదు. 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోర్లకు అనుమతి తప్పనిసరి చేసి, బావుల మధ్య దూరాన్ని నియంత్రించింది. పట్టిక భాషలో చెప్పాలంటే అది ఒక వరుసను ఖరీదైనదిగా మార్చే ప్రయత్నం, అమలు గట్టిగా ఉన్నచోటే ఆ ఖరీదు నిజమవుతుంది. 2020లో సిద్దిపేట దగ్గరి జలాశయం రంగనాయక సాగర్‌కు గోదావరి నీళ్లు రావడం మరో రకం మార్పు. కాలువల వల్ల భూగర్భజలం పెరిగిన చోట లోతు చేయించినా అదనంగా దక్కేది తగ్గిపోతుంది.

అన్ని ఆటల్లోనూ ఆధిపత్య వ్యూహం ఉండదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు మోటార్లు ఉన్నాయనుకుందాం. ఇద్దరూ కెపాసిటర్లు బిగిస్తే వోల్టేజీ మెరుగుపడి మోటార్లు కాలడం తగ్గుతుంది. ఒక్కరే బిగిస్తే పెద్దగా తేడా రాదు, ఖర్చు మాత్రం మిగులుతుంది.

| | రెండో రైతు: బిగిస్తే | రెండో రైతు: బిగించకపోతే |
|---|---|---|
| మొదటి రైతు: బిగిస్తే | 5, 5 | −1, 0 |
| మొదటి రైతు: బిగించకపోతే | 0, −1 | 0, 0 |

ఎదుటివాడు బిగిస్తే తానూ బిగించడం మేలు, 0 కన్నా 5 ఎక్కువ. అతను బిగించకపోతే ఊరుకోవడమే మేలు, −1 కన్నా 0 ఎక్కువ. జవాబు ఎదుటివాడిని బట్టి మారుతోంది కాబట్టి ఇక్కడ ఆధిపత్య వ్యూహం లేదు. అయినా సమతౌల్యాన్ని వెతకవచ్చు. ప్రతి నిలువు వరుసలో మొదటి రైతు సంఖ్యల్లో పెద్దదాని కింద, ప్రతి అడ్డు వరుసలో రెండో రైతు సంఖ్యల్లో పెద్దదాని కింద పెన్సిలుతో గీత గీయాలి. రెండు సంఖ్యల కిందా గీత పడిన గడులే సమతౌల్యాలు. ఈ పట్టికలో అవి రెండు: ఇద్దరూ బిగించడం, ఇద్దరూ మానుకోవడం. బోరు ఆటలో మాట ఇచ్చి తప్పితే లాభం ఉంది, అందుకే ఒట్టి మాట నిలవదు. ఇక్కడ మాట తప్పితే తనకే నష్టం. ఒకరికొకరు నమ్మకంగా చెప్పుకుని ఒకే రోజు బిగిస్తే చాలు, జరిమానా అవసరం లేదు.

పట్టిక ఒక్కసారి ఆడే ఆటనే చూపిస్తుంది. ఆ ఇద్దరు రైతులూ ఏటేటా పక్క పక్కనే సేద్యం చేస్తారు కాబట్టి, ఈ ఏడు మాట తప్పినవారికి వచ్చే ఏడు జవాబు దొరుకుతుంది. ఆ భయం బోరు ఆటలో కూడా సంయమనాన్ని నిలబెట్టగలదు. కాకపోతే లోతు చేయించిన బోరును మళ్లీ పైకి తేలేం, అందుకే ఒక్కసారి తప్పిన మాటను సరిదిద్దుకోవడం ఇక్కడ చాలా కష్టం. లోతు చేయించినా నీళ్లు పడకపోవచ్చు కాబట్టి 80, 30 అన్నవి నిజానికి సగటు అంచనాలే. నీళ్లు పడే అవకాశం బాగా తగ్గిన చోట ఆ సంఖ్యలు 60, 10 కన్నా కిందికి దిగి, పట్టిక మొత్తం తలకిందులవుతుంది.