పదమూడో రీఛార్జ్

నెలంటే 28 రోజులు కాదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. పాత పాఠకులకు ఈ గొడవ తెలుసు. 28 రోజుల ప్యాక్ ఏడాదికి 13 రీఛార్జ్‌లు చేయిస్తుంది. ఈ తంటాకు విరుగుడుగానే 2022 జనవరిలో ట్రాయ్ ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటైనా, ప్రతినెలా ఒకే తేదీన రెన్యూ అయ్యే ప్లాన్ ఒకటైనా పెట్టాలని ఆదేశించింది. అయినా జనం ఎక్కువగా కొనేవి ఇప్పటికీ 28 రోజులవే.

అందుకే ఈ వారం తార్నాక నుంచి చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, నలుగురం పోస్ట్‌పెయిడ్‌కి మారిపోతాం. ఒక్కటే బిల్లు, తలనొప్పి ఉండదు" అన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. లెక్క చూసి చెబుతానని మాటిచ్చాను.

వాళ్ల ఇంట్లో వాడకం ఎవరిది వాళ్లదే. బావ రిటైరయ్యాడు. ఇంట్లో వైఫై ఉంది, బయటికెళ్తే కాల్స్ తప్ప మరేం అక్కర్లేదు. చెల్లెలు కూరగాయలకు యూపీఐతో కడుతుంది కాబట్టి కాస్త డేటా కావాలి. మేనకోడలు తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా వీడియోలు చూస్తుంది. మేనల్లుడు ఉస్మానియా హాస్టల్‌లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఫోన్ హాట్‌స్పాట్ మీదే లాప్‌టాప్ నడుపుతాడు.

జియో ధరలతో లెక్క వేశాను. ఇవి 2024 జులై పెంపు తర్వాతివి. మీరు లెక్క వేసేనాటికి మారి ఉండొచ్చు. ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ 449 రూపాయలు, 75 జీబీ. అదనపు సిమ్ ఒక్కోటి 150, దానితో మరో 5 జీబీ. నలుగురికి 899, ఉమ్మడి కోటా 90 జీబీ. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్‌లో 18 శాతం పైన పడుతుంది, ఇది చాలామంది గమనించరు. అప్పుడు నెలకు 1,061, ఏడాదికి 12,730 రూపాయలు.

నలుగురూ రోజుకు 2 జీబీ ఇచ్చే 349 ప్యాక్ వేసుకుంటే ఏడాదికి 18 వేలు దాటుతుంది. పోస్ట్‌పెయిడ్ గెలిచినట్టే అనిపించింది. కానీ బావకు రోజూ 2 జీబీ ఎందుకు? డేటా అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు పెట్టాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ నిబంధన తెచ్చింది. అలాంటిదే 336 రోజులకు 1,748. చెల్లెలికి 28 రోజులకు 2 జీబీ ఇచ్చే 189 ప్యాక్ సరిపోతుంది. పిల్లలిద్దరికే 349. ఏడాదికి లెక్క కడితే మొత్తం దాదాపు 13,460. తేడా 730కి దిగింది.

ఇక తేలాల్సింది మేనల్లుడి వాడకమే. మామూలు నెలలో అతనికి 55 జీబీ అవుతుంది, మిగతా ముగ్గురిదీ కలిపి 27. అంటే 82, కోటాలో ఇమిడిపోతుంది. థీసిస్ పని ముదిరిన నెలల్లో, లాప్‌టాప్ అప్‌డేట్లు కూడా తోడైతే, అతనొక్కడికే 80. అప్పుడు కోటా 17 జీబీ దాటుతుంది. జీబీకి 10 రూపాయలు, పైన జీఎస్టీ, ఆ నెల 200 అదనం. ఏడాది మొత్తమ్మీద సగటున నెలకు 5 జీబీ దాటితే చాలు, పోస్ట్‌పెయిడ్ లాభం హరించుకుపోతుంది. ప్రీపెయిడ్‌లో రోజు కోటా అయిపోతే నెట్ నత్తనడక నడుస్తుంది, అంతే. అతని గట్టు తెగినా పక్క పొలం మునగదు.

పోనీ అతన్ని మాత్రం ప్రీపెయిడ్‌లో ఉంచి, ముగ్గుర్ని మార్చితే? ముగ్గురికి ఏడాదికి 10,606, అతనికి 4,550. మొత్తం 15 వేలు దాటింది. పెద్ద కోటా వాడేవాడే బయట ఉంటే ఉమ్మడి కోటా వృథా.

ఇంకో చిక్కు: బిల్లు ఒక్కరి పేరు మీదే వస్తుంది. అది ఆగితే నలుగురి ఫోన్లకూ ఒకేసారి ఇబ్బంది.

కాబట్టి, ఎంత చిరాకు పడినా, చెల్లెలికి ప్రీపెయిడ్‌లోనే ఉండమన్నాను. ఆ పదమూడో రీఛార్జ్ మీద నా కోపం తగ్గలేదు. కానీ ఈ ఇంటికి అదే చవక.

ఒక్కటి మారితే ఈ జవాబు తిరగబడుతుంది. మేనల్లుడిది 4జీ ఫోన్, వాడే ప్రతి ఎంబీ కోటాలోంచే పోతుంది. ఆ పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌లోనూ, అతని 349 ప్యాక్‌లోనూ 5జీ వాడకానికి కోటా కోత లేదు. 5జీ ఫోన్ కొన్నాక అతను సెట్టింగ్స్‌లోని మొత్తం వాడకం కాదు, కంపెనీ యాప్‌లో కోటాలోంచి కోసినదెంతో రెండు నెలలు చూడాలి. హాస్టల్ గదిలో ఫోన్ పైన 5జీ అని కాక 4జీ అని కనిపిస్తే కోత పడుతున్నట్టే. రోజు కోటా ఏ రోజూ అయిపోకుండానే ఆ కోత నెలకు 60 జీబీ లోపు నిలిస్తే పోస్ట్‌పెయిడ్‌కి మారండని చెల్లెలికి నేనే ఫోన్ చేస్తాను.