రెండు ఉప్పులు, రెండు దారులు

మామూలు ఉప్పునీ పొటాషియం క్లోరైడునీ పక్కపక్కన రెండు గిన్నెల్లో పోస్తే కంటికి తేడా తెలియదు. రెండూ తెల్లగా ఉంటాయి, రెండూ నీళ్లలో ఇట్టే కరుగుతాయి, రెండింట్లోనూ క్లోరైడు ఉంది. నాలుకకు మాత్రం కొంత తెలుస్తుంది: రెండోదాంట్లో ఉప్పదనం వెనకాలే చిన్న చేదు తగులుతుంది. ఆ చేదు కారణంగానే ‘తక్కువ సోడియం ఉప్పు’ ప్యాకెట్లలో సాధారణంగా ఎక్కువ పాలు మామూలు ఉప్పే ఉంటుంది, మిగతాది పొటాషియం క్లోరైడు. బీపీ ఉన్నవాళ్లకు ఇది మంచిదని కొందరు డాక్టర్లు చెబుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దని అదే డాక్టర్లు చెబుతారు. రెండు మాటలూ నిజమే. ఎందుకు నిజమో తెలియాలంటే ఈ రెండు ఉప్పులూ గొంతు దిగాక పట్టే దారుల్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటి తేడా అవి ఉండే చోటు. మన ఒంట్లోని నీరు కొంత కణాల లోపల, కొంత కణాల బయట ఉంటుంది. సోడియం ప్రధానంగా బయటి నీటిలో ఉంటుంది. పొటాషియం నూటికి 98 పాళ్లు కణాల లోపలే ఉంటుంది. ప్రతి కణం గోడలోనూ ఉండే ఒక పంపు ఈ ఏర్పాటును రాత్రింబగళ్లు కాపాడుతుంది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. దీన్ని 1957లో కనుక్కున్న డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. గోడకు ఇవతల, అవతల పొటాషియంలో ఉన్న ఈ పెద్ద తేడా వల్లే కణాల మీద చిన్నపాటి విద్యుత్తు నిలబడుతుంది. నరాల్లో సంకేతం పరిగెత్తడానికీ, గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికీ ఆధారం అదే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 60 కిలోల మనిషికి కణాల బయట ఉండే నీరు సుమారు 12 లీటర్లు. అందులో లీటరుకు సోడియం 140 మిల్లీమోల్, పొటాషియం 4 మిల్లీమోల్ ఉంటాయి. రక్తపరీక్ష రిపోర్టులో మనం చూసే అంకెలు ఇవే. ఈ మనిషి రోజుకు 5 గ్రాముల మామూలు ఉప్పు తిన్నాడనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా ఇంతే. అందులో సోడియం దాదాపు 86 మిల్లీమోల్. ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా అదంతా ఒంట్లోనే నిలిచిందనుకున్నా ప్రమాదం వెంటనే ముంచుకురాదు. దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాడు, కణాల బయటి నీరు దాదాపు 600 మిల్లీలీటర్లు పెరుగుతుంది. రిపోర్టులో సోడియం అంకె పెద్దగా కదలదు. పెరిగింది నీటి పరిమాణం. అది రోజూ పెరుగుతూ పోతే కిడ్నీ ఆ ఉప్పును వదిలించుకోవడానికి రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువ కావాలి. సోడియం చేసే చెడు ఈ దారిలో, ఏళ్ల తరబడి, బీపీ రూపంలో వస్తుంది.

అదే 5 గ్రాములు అచ్చంగా పొటాషియం క్లోరైడు అయితే అందులో పొటాషియం 67 మిల్లీమోల్. అదంతా కణాల బయటి 12 లీటర్లలోనే ఉండిపోతే 4 ఉండవలసిన అంకె 9 దాటుతుంది. గుండె ఆగిపోవడానికి అంత కూడా అక్కర్లేదు. ఇక్కడ దాహం ఆదుకోదు. ఎందుకంటే బయట ఉండవలసిన పొటాషియం మొత్తమే చాలా కొద్ది, దాన్ని పలచన చేయడానికి సరిపడా నీళ్లు ఎవరూ తాగలేరు. మామూలుగా అలా జరగకపోవడానికి రెండు కాపలాలు ఉన్నాయి. భోజనం కాగానే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. తర్వాత కొన్ని గంటల్లో కిడ్నీ దాన్ని మూత్రంలోకి పంపేస్తుంది. తిన్న పొటాషియంలో దాదాపు 90 శాతం కిడ్నీ దారినే బయటికి పోతుంది. ఈ కాపలాలు సరిగా ఉన్న మనిషికి పొటాషియం భయం లేదు. కూరగాయలు, పప్పులు, కొబ్బరినీళ్ల నుంచి అతను రోజూ దీన్ని తీసుకుంటూనే ఉంటాడు.

పైగా అతనికి దీనివల్ల మేలు కూడా ఉంది. ఆ మేలు కేవలం సోడియం తగ్గడం వల్ల వచ్చింది కాదు. కిడ్నీలోని సన్నని గొట్టాల చివరి భాగంలో సోడియాన్ని వెనక్కి పీల్చుకునే ఒక ద్వారం ఉంది. రక్తంలో పొటాషియం కాస్త పెరిగితే ఆ ద్వారం మూసుకుంటుంది, సోడియం మూత్రంలో పోతుంది. థయాజైడ్ అనే బీపీ మాత్ర పనిచేసేదీ ఈ ద్వారం మీదే. పొటాషియం తగ్గితే కిడ్నీ ఆ ద్వారాన్ని తెరిచి ఉప్పును పట్టి ఉంచుతుంది, ఒంట్లో ఉప్పు ఇప్పటికే ఎక్కువగా ఉన్నా సరే. అంటే ఈ రెండు ఉప్పులూ బీపీని చెరో వైపుకు లాగుతాయి. ఒకటి తగ్గి మరొకటి పెరిగినప్పుడు లాభం రెండు వైపుల నుంచీ వస్తుంది.

చైనా పల్లెల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో ఇదే కనిపించింది. 600 ఊళ్లలో దాదాపు 21 వేల మందిని తీసుకున్నారు. వాళ్లు అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా బీపీ ఉన్న 60 ఏళ్లు దాటినవాళ్లు. సగం ఊళ్లకు నూటికి 75 పాళ్లు మామూలు ఉప్పు, 25 పాళ్లు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్లలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. మూత్రపరీక్షల లెక్క ప్రకారం రోజుకు సోడియం 350 మిల్లీగ్రాములే తగ్గింది, పొటాషియం మాత్రం 800 మిల్లీగ్రాములు పెరిగింది. ఫలితంలో పొటాషియం వాటా చిన్నది కాదని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

అయితే ఈ అధ్యయనాన్ని మరొకదానితో పోల్చి చదవకపోతే తొందరపాటు తీర్పు ఇస్తాం. పల్లెల అధ్యయనంలో పొటాషియం పెరిగి ప్రమాదం రావడం రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉందన్నారు. కానీ అందులో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను ముందే పక్కన పెట్టారు. అందరికీ క్రమం తప్పకుండా రక్తంలో పొటాషియం చూడలేదు, జబ్బుగా బయటపడ్డ కేసులనే లెక్కించారు. 2023లో వెలువడిన ఇంకో చైనా అధ్యయనం 48 వృద్ధాశ్రమాల్లో జరిగింది. అక్కడి ఉప్పులోనూ 25 పాళ్లు పొటాషియం క్లోరైడే. బీపీ పై అంకె 7 పాయింట్లు తగ్గింది, గుండె జబ్బులూ తగ్గాయి. అయితే అక్కడ రక్తపరీక్షలు చేశారు, పొటాషియం హద్దు దాటిన కేసులు ఈ ఉప్పు తిన్నవాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. వాటివల్ల పెద్ద హాని జరిగినట్టు తేలలేదు కానీ, పెరగడం నిజం. మొదటి అధ్యయనం మేలు ఎంతో చెప్పింది. రెండోది ఆ మేలుకు కాపలా ఎందుకు ఉండాలో చెప్పింది.

మన ఇళ్లలో ఈ సంగతి ఎలా తిరగబడగలదో చూద్దాం. ఒక ఉమ్మడి కుటుంబం అనుకోండి. ఇంటాయనకు 50 ఏళ్లు, బీపీ ఉంది, కిడ్నీలు బాగున్నాయి. ఆయన కోసం వంటింట్లో ఉప్పు మారింది. 75–25 కలిపిన ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే అదనంగా చేరే పొటాషియం దాదాపు 650 మిల్లీగ్రాములు. ఆయనకు అది మంచే చేస్తుంది. అదే ఉప్పుతో చేసిన పప్పు, కూర తినే అమ్మకు 74 ఏళ్లు, ఇరవై ఏళ్లుగా షుగరు. రిపోర్టులో క్రియాటినిన్ 1.5 ఉంది. హద్దు కంటే కాస్తే ఎక్కువ కదా అని ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆవిడ వయసుకు లెక్క కడితే కిడ్నీల పని మూడోవంతుకు కాస్త పైనే మిగిలినట్టు. బీపీకి, కిడ్నీకి మంచిదని వేసుకుంటున్న టెల్మిసార్టాన్ మాత్ర పొటాషియం బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది. మోకాళ్ల నొప్పికి తెచ్చుకునే డైక్లోఫెనాక్ కూడా అదే పని చేస్తుంది. షుగరు వల్ల ఇన్సులిన్ కాపలా ముందే బలహీనపడి ఉంది. ఇన్ని కలిసినప్పుడు రిపోర్టులో 4.9 ఉన్న పొటాషియం కొన్ని వారాల్లో 6 దగ్గరకు వెళ్లగలదు. ఆ సమయంలో విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిందంటే కిడ్నీల పని ఇంకా పడిపోతుంది.

ఇందులో భయపెట్టే విషయం లక్షణాలు సరిగా కనిపించకపోవడం. కాళ్లలో సత్తువ లేనట్టు ఉండవచ్చు, నీరసం ఉండవచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. తెలిసేది రక్తపరీక్షలో, ఈసీజీలో. ఈసీజీలో ‘టీ’ అలలు నిటారుగా, మొనదేలి లేస్తాయి, ఆ తర్వాత అలలు వెడల్పవుతాయి. అప్పుడు ఆసుపత్రిలో గుండెను కాపాడటానికి కాల్షియం ఇస్తారు. పొటాషియాన్ని కణాల్లోకి పంపడానికి ఇన్సులిన్‌ను గ్లూకోజుతో కలిపి ఇస్తారు. అవసరమైతే డయాలసిస్ చేస్తారు. ఇంట్లో చేయగలిగింది అంతకుముందే ఉంది: ఉప్పు మార్చే ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్లకూ, బీపీ, షుగరు ఉన్నవాళ్లకూ క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి, వాడే మాత్రల చీటీ డాక్టరుకు చూపించడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయితే ఇది మరీ ముఖ్యం. అక్కడ షుగరు, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు చెడుతున్నాయి. జబ్బు లేదనుకోవడం పరీక్ష చేయించుకోవడంతో సమానం కాదు.

పోలికలో ఇంకో రెండు సంగతులు తేల్చాలి. సైంధవ లవణాన్ని చాలామంది ఈ కోవలో చేర్చి వాడుతున్నారు. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. బీపీకి దానివల్ల ఒరిగేది లేదు. రెండోది, పొటాషియం ఉప్పు అన్నిచోట్లా సోడియం పని చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరు ఓఆర్‌ఎస్‌లో సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు విడివిడిగా ఉంటాయి. పేగులో గ్లూకోజుతో జతకట్టి నీటిని లోపలికి లాగేది సోడియమే. విరేచనాల్లో పోయిన పొటాషియాన్ని భర్తీ చేయడానికి రెండోది ఉంది. కాబట్టి ఉప్పు మార్చిన ఇంట్లో విరేచనాలప్పుడు డబ్బాలోని ఉప్పుతో పంచదార నీళ్లు కలపకూడదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు తెచ్చుకోవాలి.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొటాషియం కలిపిన ఉప్పును షరతుతోనే సిఫారసు చేసింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు ఆ సిఫారసు వర్తించదని చెప్పింది. ఈ హద్దు సరైనదని నా నమ్మకం. సోడియం చేసే కీడు నెమ్మదిగా, ఎక్కువమందికి జరుగుతుంది. పొటాషియం చేసే కీడు వేగంగా, కొద్దిమందికి జరుగుతుంది. ఎక్కువమంది మేలు కోసం ఈ ఉప్పు మన వంటిళ్లలోకి రావాలి. కానీ ఆ కొద్దిమంది ఎవరో మొహం చూసి చెప్పలేం, తమకు ముప్పు ఉందని చాలాసార్లు వాళ్లకే తెలియదు. అందుకే ఈ ఉప్పు అమ్మే ప్రతి ప్యాకెట్టు ముందువైపున కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియాన్ని పట్టి ఉంచే మాత్రలు వేసుకునేవాళ్లు వాడకూడదని తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. అలాంటివాళ్లు ఉన్న ఇంట్లో చేయవలసింది ఉప్పు మార్చడం కాదు, మామూలు ఉప్పునే తగ్గించడం. ఆ తగ్గింపు అందరికీ పనికొస్తుంది, ఎవరి గుండెకూ ముప్పు తేదు.