ఎదురు వెలుగులో దాగిన ముఖం

ఉన్న ఒక్క ఫొటోని ఆధారంగా ఇచ్చి ఏఐతో కొత్త పటం చేయించడం ఇప్పుడు ఫొటో స్టూడియోలకి వచ్చే పనుల్లో ఒకటి. పోయిన పెద్దవాళ్ల పటం కావాలని అడిగేవాళ్ల దగ్గర ఉండేది ఎప్పుడో గుమ్మంలోనో, బస్సు కిటికీ పక్కనో, పొలం గట్టున ఎండకి వీపు పెట్టి నిలబడినప్పుడో ఫోన్‌తో తీసిన ఫొటో. వెనకంతా తెల్లగా మెరిసిపోతుంటుంది, ముఖం మాత్రం నల్లటి ముద్ద. దాన్ని ఉన్నదున్నట్టు ఏఐకి ఇచ్చినా పటం వస్తుంది. కళ్లు, ముక్కు, పెదవులు అన్నీ చక్కగా ఉంటాయి. ఇంట్లోవాళ్లు కాసేపు చూసి, "అమ్మలాగే ఉంది కానీ అమ్మ కాదండీ" అంటారు. నీడలో కనబడని కంటికి బదులు అది తాను నేర్చుకున్న వేలకొద్దీ ముఖాల్లోంచి ఒక కంటిని ఊహించి పెట్టింది మరి.

ఆ ఊహకి చోటు తగ్గించే పని పటం పుట్టకముందే జరగాలి. నీడలో ఉన్న ముఖాన్ని పైకి తేవడం డార్క్‌రూమ్ రోజుల నుంచీ ఉన్న విద్య. ఎన్‌లార్జర్ కింద కాగితం మీద వెలుగు పడుతుండగా, సన్నని తీగ చివర అతికించిన అట్టముక్కతో ముఖం మీద పడే వెలుగుని కొన్ని సెకన్లు అడ్డుకునేవారు. అక్కడ కాగితం తక్కువ నల్లబడి ముఖం తేలేది. దాన్నే డాడ్జింగ్ అంటారు. తీగని కదుపుతూనే ఉండాలి, ఒక్కచోట ఆపితే ముఖం చుట్టూ గీత పడుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ అంతటితో ఆగక, ప్రింట్ తయారయ్యాక పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణంతో ఎక్కడికక్కడ నలుపుని పలచన చేసేవాడు. అయితే వీళ్లందరికీ ఒక హద్దు ఉండేది. నెగటివ్‌లో ఆ చోట వెలుగు అసలు నమోదు కాకపోతే, అక్కడ మిగిలేది ఖాళీ ఫిల్మే. ఎంత డాడ్జింగ్ చేసినా ముఖం రాదు, బూడిదరంగు మచ్చ వస్తుంది. 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ పద్ధతిలో నీడని ఏ మెట్టు మీద ఉంచాలన్నది ఫొటో తీసేటప్పుడే నిర్ణయించుకోమనడం ఇందుకే. వివరం కనబడాల్సిన నీడని మూడో జోన్ కంటే కిందికి పోనివ్వొద్దంటారు.

ఇప్పటి పనిలోనూ మొదటి ప్రశ్న అదే. నీడలో ఏమైనా ఉందా, లేదా? కంటితో చూసి తేల్చలేం. పక్కనే మెరిసే వెలుగు ఉన్నప్పుడు మన కన్ను నీడని మరింత నల్లగా చూస్తుంది. వెనకున్న తెల్లటి భాగాన్ని కత్తిరించి ముఖం ఒక్కటే తెర నిండా పెట్టుకుంటే, చాలాసార్లు అప్పుడే సగం ముఖం కనబడుతుంది. తర్వాత అంకెలు చూడాలి. మామూలు జేపెగ్ ఫొటోలో ప్రతి చుక్కకి వెలుగు 0 నుంచి 255 దాకా అంకెల్లో ఉంటుంది. చూపుడు గుర్తుని కంటి తెల్లగుడ్డు మీద ఒకసారి, నల్లగుడ్డు మీద ఒకసారి పెట్టి ఆ అంకెలు చదవాలి. రెండింటికీ స్పష్టమైన తేడా ఉంటే ఆ కన్ను బతికే ఉంది. రెండూ 2, 3 దగ్గరే తచ్చాడుతుంటే అక్కడ ఖాళీ ఫిల్మ్ ఉన్నట్టే లెక్క.

అంకెలు చూసేముందు అడగాల్సినది ఇంకొకటుంది, ఆ ఫొటో మనదాకా ఎలా వచ్చిందన్నది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో మళ్లీ కుదించబడి వస్తుంది. కుదింపు ముందుగా బలి తీసుకునేది నీడల్లోని సన్నటి తేడాలనే. వెలుతురులో ఉన్న చెంప మీద ఆ నష్టం తెలియదు, చీకట్లో ఉన్న చెంప మాత్రం పలకలు పలకలుగా విడిపోతుంది. అందుకే తీసిన ఫోన్‌లోని అసలు ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమని అడుగుతాను. అసలు ఫైల్ దొరికితే పని సగం తేలికవుతుంది.

ఒక ఫొటోని దగ్గరగా చూద్దాం. నడివయసు దాటినావిడ మధ్యాహ్నం వేళ వాకిలికి వీపు పెట్టి గుమ్మంలో నిలబడ్డారు. వెనక వాకిలి అంతా 255, అంటే పూర్తి తెలుపు, అక్కడ ఏమీ మిగల్లేదు. లోపలి గోడ మీంచి కాస్త వెలుగు తిరిగొచ్చి పడిన కుడి చెంప 50. కనుబొమల కింద గుంటలు 15. జుట్టులో అన్నిటికంటే నల్లని చోటు 12. నా చూపు ఆగింది ఆ చివరి అంకె దగ్గరే. పాపిటకి పక్కన, నూనె రాసి దువ్విన నల్లటి జుట్టు లోతుల్లో 12 ఉండకూడదు, దాదాపు సున్నా ఉండాలి. మరి ఆ వెలుగు ఎక్కడిది? వాకిట్లోంచి నేరుగా లెన్స్‌లోకి దూరిన వెలుగు దాని పలకల మధ్య చెదిరి, ఫొటో అంతటా పలచగా పరుచుకుంది. ఫోన్ లెన్స్ మీద వేలిముద్రల జిడ్డు ఉంటే ఇది ఇంకా ఎక్కువ. అంటే ఎదురు వెలుగు ఫొటోలో ముఖం చీకట్లో ఉండటంతో పాటు పొగతెర వెనక కూడా ఉంది.

ఈ తెరని తియ్యకుండా నీడని పైకి లేపితే తెర కూడా లేస్తుంది. ముఖం వెలుగులోకి వస్తుంది గానీ బూడిద పూసినట్టు చప్పగా, ముక్కుకి గట్టు లేకుండా, కళ్లకి లోతు లేకుండా ఉంటుంది. షాడోస్ స్లైడర్ ఒక్కటే కుడివైపు చివరిదాకా లాగినప్పుడు చాలామందికి వచ్చే ముఖం అదే. ముందు తెర తీయాలి, తర్వాతే వెలుగు పెంచాలి. రెండూ వెలుగు నిజ లెక్కలో, లీనియర్ పద్ధతిలో చెయ్యాలి. ఎందుకంటే ఫైల్‌లోని 50, 255లో ఐదో వంతు వెలుగు కాదు. నిజానికి అది దాదాపు ముప్పై రెండో వంతు, అంటే పూర్తి తెలుపుకి ఐదు స్టాప్‌లు కింద. లీనియర్‌లో చూస్తే ఈ ఫొటోలో చెంప మీది వెలుగు కంటిగుంటలో ఉన్నదానికి ఆరున్నర రెట్లకి పైనే. జుట్టులోని 12 సుమారు 4కి దిగేలా, పూర్తి తెలుపు వెలుగులో 0.25 శాతం అంతటా తీసేస్తే, ఆ నిష్పత్తి పన్నెండు రెట్లు దాటింది. ఇంకా ఏమీ పెంచకముందే ముఖానికి లోతు వచ్చేసింది. ముక్కు పక్కనున్న మడత కనబడటం మొదలైంది.

ఇక పెంచడం. ముఖం మొత్తాన్ని రెండు స్టాప్‌లు, అంటే నాలుగు రెట్లు లేపితే చెంప 96 దగ్గర ఆగింది. కంటిగుంటలు ఇంకా 24 దగ్గరే ఉన్నాయి కనుక మెత్తటి అంచున్న మాస్క్ గీసి వాటిని మాత్రం ఇంకొక స్టాప్ లేపితే 37కి చేరాయి. డార్క్‌రూమ్‌లో అట్టముక్క కదిలినట్టే ఈ మాస్క్ అంచు కూడా ముఖం గీతల మీద ఆగకుండా కరిగిపోవాలి. ఇంకా లేపితే ఏమవుతుంది? చెంపకీ కంటిగుంటకీ మధ్య ఫైల్‌లో మొదట ఉన్నవి 36 అంకెలే. వాటిని ఎంత దూరం సాగదీసినా కొత్త మెట్లు పుట్టవు, మెట్ల మధ్య ఖాళీలు పెరుగుతాయి. హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా చీలిందంటే, బుగ్గ మీద వంపు ఉండాల్సిన చోట చారలు వస్తున్నాయన్నమాట. అక్కడ చెయ్యి ఆపేయాలి. ఫోన్‌లో రా ఫైల్ ఉంటే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది, ఎందుకంటే అదే నీడలో అంతకంటే ఎక్కువ మెట్లు దాగి ఉంటాయి.

రంగు సంగతి వేరే. జేపెగ్‌లో సాధారణంగా రంగుని వెలుగంత వివరంగా దాచరు, అడ్డం రెండు, నిలువు రెండు చుక్కలకి కలిపి ఒకే రంగు పెడతారు. నీడని లేపగానే ఎర్రటి, ఆకుపచ్చటి మచ్చలు మొటిమల్లా తేలడానికి ఇదీ ఒక కారణం. వెలుగుని ముట్టుకోకుండా రంగుని మాత్రం మెత్తబరిస్తే అవి పోతాయి, ముఖం గీతలు చెక్కుచెదరవు. వెలుగునే మెత్తబరిస్తే మచ్చలతో పాటు ముడతలూ పోతాయి, అప్పుడావిడ పదేళ్లు చిన్నదైపోతుంది. పైగా నీడలో ఉన్న ముఖానికి దాని చుట్టూ ఉన్నవే రంగు పూస్తాయి, ఆరుబయట ఆకాశపు నీలం, ఇంట్లో గోడ సున్నం రంగు. దాన్ని సరిచేసేటప్పుడు నేను గట్టిగా పట్టుకునే నియమం ఒకటుంది. వెలుగు పెంచడం వేరు, ఒళ్లు తెల్లబరచడం వేరు. చెంపని 96 దగ్గర ఆపింది అందుకే. ఆవిడ చామనఛాయ మనిషి. 160కి లేపితే తెర మీద అందంగా కనబడుతుందేమో కానీ ఏఐ దాన్నే ఆవిడ రంగు అనుకుని, తర్వాత పుట్టించే ప్రతి పటంలోనూ తెల్లటి మనిషినే నిలబెడుతుంది. పగటి వెలుగులో తీసిన ఇంకో ఫొటో, చేతులు కనబడేదైనా సరే, ఒకటి పక్కన పెట్టుకుని ఒంటిరంగు నిర్ణయించాలి.

ఈ దశలో చాలామందిని లాగేవి ముఖాలని బాగుచేసే ఏఐ పనిముట్లు, జీఎఫ్‌పీగాన్, కోడ్‌ఫార్మర్ లాంటివి. ఒక్క నొక్కుతో కనురెప్పల వెంట్రుకల దాకా తేలుస్తాయి. కానీ ఆ వెంట్రుకలు ఫొటోలోవి కావు, అవి శిక్షణలో చూసిన ముఖాలవి. ఆధార ఫొటోలోనే ఊహని కలిపేస్తే, ఆ తర్వాతి ఏఐ దాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది. ఊహ మీద ఊహ పేరుకుంటుంది. వాటిని వాడదలిస్తే పటం పుట్టాక, పలచగా వాడుకోవచ్చు. ఆధార ఫొటో జోలికి మాత్రం రానివ్వకూడదు. షార్ప్‌నెస్ పెంచడం కూడా ఇక్కడ చేటే, అది నీడ అంచులని ముఖం గీతలుగా మార్చేస్తుంది.

చేసిన పని సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష తేలికే. ముఖాన్ని ఆధారంగా తీసుకునే పద్ధతుల్లో చాలావాటికి వెనక ఇన్‌సైట్‌ఫేస్ తరహా గుర్తింపు నడుస్తుంది. అది రెండు కళ్లు, ముక్కు కొన, రెండు పెదవి మూలలు, ఈ ఐదు బిందువులని పట్టుకుని ముఖాన్ని 112 చుక్కల చదరంలోకి సర్దుకుని, ఆ పోలికని 512 అంకెలుగా మారుస్తుంది. ఆ ఐదు బిందువులని ఫొటో మీద గీయించి చూస్తే చాలు. పెదవి మూల గుర్తు చెంప నీడ మీద పడినా, కంటి గుర్తు కనుబొమ మీదికి ఎక్కినా, తర్వాత వచ్చే ముఖం వంకరపోతుంది. అదే మనిషిది మంచి వెలుగులో తీసిన ఫొటో ఏదైనా ఉంటే, రెండింటి అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో పోల్చవచ్చు. నీడ లేపిన తర్వాత ఆ దగ్గరితనం పెరగాలి. తగ్గిందంటే మనం తెచ్చింది ఆ మనిషి ముఖం కాదు.

ఈ 512 అంకెల్లోకి వెలుగు పెద్దగా చేరదు. కానీ ఫొటోని బొమ్మగా మొత్తం చూసే క్లిప్ తరహా పద్ధతులు పోలికతో పాటు వెలుగునీ మోసుకెళ్తాయి. అందుకే ముక్కు కింద నల్లగా మిగిలిన నీడ ఆడవాళ్ల పటంలో మీసంగా, దవడ కింది నీడ గడ్డంగా తేలే ప్రమాదం ఉంది. అలా వస్తే ప్రాంప్ట్‌తో పోరాడటం దండగ. ఆధార ఫొటోలో ఆ నీడ అంచుని మెత్తబరచడమే మందు.

గుమ్మంలోని ఆవిడ ఫొటోలో కుడి కన్ను, ముక్కు, పెదవులు దక్కాయి. ఎడమ కంట్లో తెల్లగుడ్డుకీ నల్లగుడ్డుకీ మధ్య ఒక్క అంకె తేడా కూడా లేదు. దాన్ని గీయలేదు, కుడి కంటిని తిప్పి అతికించనూ లేదు, ఎందుకంటే ఎవరి ముఖమూ రెండు వైపులా ఒక్కలా ఉండదు. ఇంటివాళ్లకి ఆ చోటు చూపించి, ఆవిడ ఎడమవైపు కనబడే ఫొటో ఏదైనా, పెళ్లి గుంపు ఫొటో అయినా, ఓటరు కార్డు మీది బొమ్మ అయినా వెతకమని చెప్పాను. చాలా పద్ధతులు ఒకటికి మించిన ఆధార ఫొటోలని కలిపి తీసుకుంటాయి. ముఖం చిన్నదైనా ఫర్వాలేదు, ఎడమ కన్ను ఆవిడదే అయితే చాలు.