దేవుడి వెనక కిటికీ

పూజగది చేయించుకోవాలని వచ్చేవాళ్లు ముందుగా ఫోన్ తీసి మందిరాల ఫొటోలు చూపిస్తారు. నేను అవి పక్కన పెట్టి, ఆ గదిలో ఎవరు కూర్చుంటారు, కిందా కుర్చీలోనా అని అడుగుతాను. ఇంటి ప్లాన్లు గీయడం మొదలుపెట్టిన చాలా ఏళ్లకు గానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

అంతకుముందు చేసిన ఒక ఇంట్లో విగ్రహాల వెనక, తూర్పు గోడకు పెద్ద అద్దం కిటికీ పెట్టించాను. ఉదయపు వెలుగు దేవుడి వెనకనుంచి రావాలని నా ముచ్చట. కాగితం మీద అందంగానే ఉంది. తీరా కూర్చుని చూస్తే కళ్లలోకి ఎండ, దాని ముందు నల్లటి నీడల్లా దేవుళ్లు. నెల తిరక్కుండానే ఆ ఇంటావిడ కిటికీకి పాత దుప్పటి కట్టేసింది. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మనందరికీ తెలుసు. అక్కడ స్వామి తూర్పుముఖంగా ఉంటాడు, వెలుగు ఎదురుగా ద్వారంలోంచి వస్తుంది. మన ఇళ్లలో తూర్పుకు తిరిగి కూర్చునేది మనం. కాబట్టి దేవుడి వీపు తూర్పుకు ఉంటుంది. గుడిలో వెలుగును ఇంట్లో పెట్టబోయి దిక్కు తిరగేశాను.

మొన్న కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్‌కి మళ్లీ ఇదే చిక్కు వచ్చింది. ఈశాన్యంలో అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు గది. తూర్పు గోడకు రెండడుగుల వెడల్పు కిటికీ. అది అపార్ట్‌మెంట్ బయటి గోడ, ముట్టుకోవడానికి లేదు. పూజ చేసేది డెబ్బై దాటిన టీచరమ్మ. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేరు, కానీ తూర్పుకే తిరిగి కూర్చోవాలంటారు. ఆవిడ కొడుకు తెల్లవారుజామున అరగంట ధ్యానం చేస్తాడు. మనవడికి పరీక్షలప్పుడు ఓ మూల కావాలి.

కిటికీని మూసేయకుండా దాని ముందు ఆరంగుళాల ఎడంలో ఒక టేకు పలక నిలబెట్టాం. వెడల్పు ముప్ఫై అంగుళాలు, అంటే కిటికీకన్నా రెండు పక్కలా మూడేసి అంగుళాలు ఎక్కువ. దాంతో ఎండ నేరుగా కళ్లలో పడదు. పలక అంచుల పక్కనుంచి జారి, తెల్లసున్నం లాంటి రంగు వేసిన పక్కగోడల మీద పడి, అక్కడినుంచి విగ్రహాల ముఖాల మీదికి వస్తుంది. గాలి కూడా అదే దారిలో చుట్టూ తిరిగి వస్తుంది గనక దీపం కొండెక్కదు. ధూపం పోవడానికి దారీ ఉంటుంది. కిటికీ తుడవాలంటే పలకను తలుపులా తెరవాలి, అందుకే ఒక పక్క బందులు పెట్టించాను. దీపం మాత్రం పలకకు ఆనించి పెట్టొద్దని, దాని నెత్తిన రెండడుగుల మేర చెక్క ఏదీ ఉండకూడదని వడ్రంగికీ ఆవిడకూ విడివిడిగా చెప్పాను. పసుపు వెలుగునిచ్చే రెండు చిన్న దీపాలను పక్కగోడల మీద ముందువైపు పెట్టి, వెలుగు తగ్గించుకునే రెగ్యులేటర్ బిగించాం. అవి పూర్తిగా వెలిగితే ప్రమిద వెలుగు కనిపించదు. విగ్రహాల వెనక చక్రంలా వెలిగే ఎల్‌ఈడీ పట్టీ అంటే నాకు గిట్టదు. అది కూడా నేను పెట్టిన కిటికీ చేసిన తప్పే రాత్రిపూట చేస్తుంది.

అరుగు ఎత్తు తేల్చడానికి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి టేపుతో కొలిచాను. కళ్లు నేలనుంచి నలభై అయిదు అంగుళాల ఎత్తులో ఉన్నాయి. కింద బాసింపట్టు వేసుకున్న కొడుక్కి ముప్ఫై అంగుళాలు. ఒకే అరుగు ఇద్దరికీ సరిపోదు. ఆవిడ చేతికి పువ్వులు, అక్షింతలు అందేలా అరుగు ఇరవై ఏడు అంగుళాల ఎత్తులో, కింద ఖాళీగా వదిలేశాం. కుర్చీ ముందుకు జరుపుకుంటే మోకాళ్లు దాని కిందికి పోతాయి. ఎవరైనా కింద కూర్చుని అభిషేకం చేయాలంటే అరుగు కిందినుంచి పీట ఇవతలికి లాగాలి. కొడుకు ధ్యానం చేసేది ఎలాగూ కళ్లు మూసుకునే, ఉత్తరం గోడవైపు తిరిగి.

వ్రతాలకు గది హాల్లోకి విప్పారాలని నేను మడతపెట్టే తలుపులు గీశాను. టీచరమ్మ ఆ కాగితం చూసి నవ్వారు. "అమ్మాయ్, సత్యనారాయణ వ్రతానికి అరటి పిలకలు కట్టి మంటపం పెట్టేది హాల్లోనే కదా. ఇరవైమందిని ఈ గదిలోకి చూడమంటావా?" నిజమే. పీట హాల్లోకి వస్తే చాలు, గోడ కదలక్కర్లేదు. అలా ఆ గదికి మూడడుగుల ఒంటిరెక్క తలుపే మిగిలింది. నిశ్శబ్దానికి అది కలిసొచ్చింది.

ఎందుకంటే మడత తలుపుకు ఎన్ని రెక్కలో అన్ని సందులు. చిన్న గంటలు వేలాడే జాలీ తలుపైతే సరేసరి, చప్పుడుకు అడ్డేమీ ఉండదు. వంటింటివైపు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాటలను బాగానే ఆపుతుంది. టీవీ చప్పుడు వచ్చేది తలుపు కింద వదిలే అరంగుళం సందులోంచి. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, హాల్లో వేసి, తలుపు మూసుకుని లోపల నిలబడితే వెలుగు ఎక్కడినుంచి వస్తోందో అక్కడినుంచే చప్పుడూ వస్తోందని అర్థం. లోపల డొల్ల లేని ఫ్లష్ డోరు వేసి, చుట్టూ రబ్బరు పట్టీ అంటించాం. కింద గడప పెట్టాం. ఫ్లాట్లలో అనవసరమని తీసేసిన గడప ఇక్కడ తలుపు ఆని మూసుకోవడానికి పనికొచ్చింది. మోకాళ్ల మనిషి తట్టుకోకుండా అంగుళం ఎత్తులో, అంచులు ఏటవాలుగా చెక్కించి, పసుపు రాసి కనిపించేలా ఉంచాం.

లోపల మోగడం వేరే సంగతి. నేలా గోడలూ గట్టిగా ఉన్న చిన్న గదిలో చప్పట్లు కొడితే ఖంగుమంటుంది, విష్ణు సహస్రనామం అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మందపాటి నూలు జంపఖానా పరిచి, మనవడి పుస్తకాల అర దక్షిణం గోడకు పెడితే ఆ మోత తగ్గింది. అయితే బయటి చప్పుడును బట్ట ఆపదు, దానికి బరువైన తలుపు, సందుల్లేని అంచులే కావాలి. ధూపం వేసినప్పుడు కిటికీ తెరవక తప్పదు, తెరిస్తే బస్సుల హారన్లూ వస్తాయి. వీధి లేవకముందే కొడుకు తన ధ్యానం ముగించేస్తాడు.

పోయిన నెల చూడటానికి వెళ్లాను. అంతా బాగుంది, మిక్సీ ఒక్కటి తప్ప. మాట దాటని గోడలోంచి మిక్సీ మోత మాత్రం అరుగు దాకా వణుకుతూ వస్తోంది. వంటగట్టు గ్రానైటు రాయిని అదే గోడలో దోపారు, వణుకు రాయిలోంచి ఇటుకలోకి ఎక్కుతోంది. నేను గీసేటప్పుడు చూసుకోలేదు. మిక్సీ కింద మందంగా రబ్బరు షీటు వేయించాను, కొంత తగ్గింది. అవతలి గట్టు మీదికి మార్చమంటే, "అక్కడ ప్లగ్గు లేదమ్మాయ్" అన్నారు ఆవిడ. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.